స్రవంతి రెజ్యూమె: పోర్టల్‌లో పెట్టే ముందు ఆఖరి చెక్‌లిస్ట్

స్రవంతీ, రాత్రి నువ్వు పంపిన కాపీ రెండుసార్లు చదివాను. విషయం బాగుంది, ఇక కొత్తగా ఒక్క లైను కూడా చేర్చకు. రేపు శుక్రవారం సాయంత్రం 5 గంటలకి పోర్టల్ మూసేస్తారు కాబట్టి పొద్దున టిఫిన్ అయ్యాక ఒక గంట కూర్చుని ఈ కింద రాసినవి వరసగా చూసుకో. వరస మార్చొద్దు, ఎందుకంటే మాటలు దిద్దితే లైన్లు జరుగుతాయి, లైన్లు జరిగితే అలైన్‌మెంట్ పోతుంది. అందుకే ముందు మాటలు, తర్వాత తేదీలు, ఆ తర్వాతే అలైన్‌మెంట్, పీడీఎఫ్ అన్నిటికంటే చివర. ఒక్కో విడతలో ఒక్కటే చూడు. అన్నీ ఒకేసారి చూద్దామనుకుంటే కన్ను అర్థం వెంట పోతుంది, తప్పు కనిపించదు. కుదిరితే ప్రింట్ తీసి పెన్నుతో చూడు. మన సందు చివర జిరాక్స్ షాపు తొమ్మిదికల్లా తీస్తారు కదా.

1. క్రియలు: ఏది ఇప్పటిది, ఏది అయిపోయింది

నీ కాపీలో ఎక్కువ తప్పులు ఇక్కడే ఉన్నాయి. రైస్ మిల్లు ఆఫీసులో 2023 జూన్ నుంచి ఇప్పటికీ చేస్తున్నావు, కాబట్టి అక్కడ రోజూ, నెలనెలా చేసే పనులన్నీ వర్తమానంలో ఉండాలి. నువ్వు మొదటి లైన్లో ప్రిపేర్ అని, రెండో లైన్లో ప్రిపేర్డ్ అని, నాలుగో లైన్లో ప్రిపేరింగ్ అని రాశావు. చదివేవాళ్లకి నువ్వు ఇంకా అక్కడే ఉన్నావా, మానేశావా అని అనుమానం వస్తుంది. జీఎస్టీఆర్-1 ప్రతినెలా 11లోపు, 3బీ 20లోపు వేయడం ఇప్పుడు నువ్వు చేస్తున్న పని, దాన్ని వర్తమానంలోనే పెట్టు.

కానీ అదే ఉద్యోగం కింద ఒక లైను మాత్రం భూతకాలంలో ఉండాలి. ట్యాలీ ఈఆర్‌పీ 9 నుంచి ట్యాలీ ప్రైమ్‌కి పాత లెక్కలన్నీ మార్చావు చూడు, ఆ పని 2024లోనే అయిపోయింది. ఇప్పటి ఉద్యోగం కదా అని దాన్ని కూడా వర్తమానంలోకి లాగితే ఇంకా మారుస్తూనే ఉన్నావని అర్థం వస్తుంది. రోజువారీ పనులు పైన, ముగిసిన పనులు కింద పెడితే క్రియలు కలగాపులగంగా కనిపించవు.

ఆడిటర్ గారి దగ్గర చేసిన ఇంటర్న్‌షిప్ 2022 డిసెంబర్‌తో ముగిసింది, అక్కడ ప్రతి లైనూ భూతకాలమే. ఇప్పుడు మూడు లైన్లకి చివర ఈడీ ఉంది, రెండింటికి లేదు.

☐ ఇప్పటి ఉద్యోగం: చేస్తున్నవి వర్తమానం, పూర్తయినవి భూతకాలం
☐ ఇంటర్న్‌షిప్: మొత్తం భూతకాలం
☐ ఎక్కడా ఐఎన్‌జీతో మొదలయ్యే లైను ఉండకూడదు
☐ క్రియ చివర ఎస్ ఉండకూడదు (ఒకచోట మెయింటెయిన్స్ అని ఉంది, అది ఎవరో మూడోమనిషి గురించి చెప్పినట్టుంది)
☐ లీడ్‌కి భూతకాలం ఎల్, ఈ, డీ. మధ్యలో ఏ పెట్టావు. ఏ ఉన్నా అది సరైన మాటే కాబట్టి స్పెల్ చెక్ ఎర్రగీత పెట్టకుండా వదిలేయొచ్చు, నువ్వే చూసుకోవాలి

దిద్దడం అయ్యాక ప్రతి లైన్లో మొదటి మాట ఒక్కటే పైనుంచి కిందికి చదువుకుంటూ పో, మిగతాది చదవకు. తేడా ఉంటే వెంటనే తగులుతుంది.

2. తేదీలు

ఇది నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే నాకు జరిగింది. పాత ఉద్యోగంలో రిలీవ్ అయిన తేదీ 07/08/2019 అని, కొత్తదాంట్లో చేరిన తేదీ 12/08/2019 అని రాశాను. మనకి అది ఆగస్టు 7, ఆగస్టు 12, మధ్యలో ఐదు రోజులు. తర్వాత ఇంకో ఉద్యోగానికి అదే రెజ్యూమె పంపితే ఇంటర్వ్యూలో అమెరికా నుంచి కూర్చున్నాయన దాన్ని జూలై 8, డిసెంబర్ 8 అని చదివి, ఆ ఐదు నెలలు ఏం చేశావని అడిగాడు. వాళ్లు నెల ముందు రాస్తారు, మనం రోజు ముందు రాస్తాం. నేను వివరం చెప్పాను, ఆయన ఒప్పుకున్నాడు కూడా, కానీ నా పని గురించి మాట్లాడాల్సిన మొదటి పది నిమిషాలు దానికే పోయాయి. నువ్వు పెట్టే కంపెనీకి సింగపూర్‌లో, అమెరికాలో ఆఫీసులున్నాయి కాబట్టి ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు.

అంకెలతో నెల రాయొద్దు. నెల పేరు మూడక్షరాల్లో, సంవత్సరం నాలుగంకెల్లో, అంతే:

`Jun 2023 – Present`
`Jul 2022 – Dec 2022`

రోజు అక్కర్లేదు. ఇప్పుడు నీ కాపీలో ఒకచోట నెల పేరు పూర్తిగా, ఒకచోట 07/22, చదువు దగ్గర 2019-22 అని మూడు రకాలున్నాయి. చదువుకి సంవత్సరాలు మాత్రమే చాలు, కానీ `2019 – 2022` అని రెండువైపులా పూర్తిగా రాయి. మధ్యలో గీత కూడా అన్నిచోట్లా ఒకటే ఉండాలి: ఒకచోట పొట్టిది, ఒకచోట పొడుగుది, ఒకచోట `to` అని ఉంది. వర్డ్‌లో పొడుగు గీత కావాలంటే కంట్రోల్ నొక్కి కీబోర్డు కుడిపక్క అంకెల దగ్గరున్న మైనస్ కొట్టు. ల్యాప్‌టాప్‌లో ఆ అంకెలు లేకపోతే ఒకచోట ఉన్నది కాపీ చేసి మిగతాచోట్ల పేస్ట్ చెయ్యి.

కవరింగ్ లెటర్ పైన ఉన్న తేదీని ఒకసారి క్లిక్ చేసి చూడు. బూడిదరంగు వస్తే అది తనంతట తాను మారిపోయే తేదీ. చెరిపేసి రేపటి తేదీ చేత్తో టైప్ చెయ్యి.

☐ రెజ్యూమెలోని నెలలూ, పోర్టల్ ఫారంలో నువ్వు నింపిన నెలలూ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద ఉన్న నెలలూ మూడూ ఒకటేనా? సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని చూడు, గుర్తున్నదాన్ని నమ్మకు.

3. అలైన్‌మెంట్

వర్డ్‌లో `Ctrl + Shift + 8` కొట్టు. స్పేస్ ఉన్నచోట చుక్కలు, ట్యాబ్ ఉన్నచోట బాణాలు కనిపిస్తాయి. నీ తేదీలు కుడివైపుకి స్పేస్‌బార్ కొట్టి కొట్టి జరిపావు, ఒక్కో లైన్లో ముప్పై నలభై చుక్కలున్నాయి. నీ సిస్టమ్‌లో సరిగ్గానే కనిపిస్తుంది, కానీ నా ఫోన్లో తెరిస్తే ఇంటర్న్‌షిప్ తేదీ కింది లైన్లో పడింది.

ఆ చుక్కలన్నీ చెరిపెయ్యి. ఉద్యోగం పేరుకీ తేదీకీ మధ్య ఒక్క ట్యాబ్ కొట్టు. ఆ లైన్లన్నీ సెలెక్ట్ చేసుకుని పేరాగ్రాఫ్ బాక్సు తెరిస్తే కింద `Tabs...` ఉంటుంది, దాంట్లో `17 cm` అని, అలైన్‌మెంట్ `Right` అని పెట్టి `Set` నొక్కు. 17 ఎందుకంటే ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, నీ మార్జిన్లు రెండువైపులా రెండేసి. అప్పుడు తేదీలన్నీ కుడి అంచున ఒకే గీతలో నిలబడతాయి.

కాగితం సైజు కూడా చూడు. నువ్వు నెట్‌లో దించుకున్న టెంప్లేట్ `Letter` సైజులో ఉంది, అది అమెరికా కాగితం, ఏ4 కంటే కాస్త వెడల్పు, కాస్త పొట్టి. ట్యాబ్ పెట్టకముందే `Layout`లో `Size` దగ్గర `A4` చెయ్యి, లేకపోతే పైన చెప్పిన 17 లెక్క కుదరదు.

☐ పేరాలు ఎడమకి అలైన్ చేసి ఉండాలి. జస్టిఫై చేస్తే పొట్టి లైన్లలో మాటల మధ్య ఖాళీలు పడుతున్నాయి
☐ బుల్లెట్లన్నీ ఒకే గుర్తు, ఒకే దూరం
☐ లైను చివర ఫుల్‌స్టాప్ అన్నిటికీ, లేదంటే దేనికీ వద్దు (తీసెయ్యడం తేలిక)
☐ రెండో పేజీలో రెండు లైన్లే మిగిలాయి. అక్షరాలు చిన్నవి చేయకు, ఇంటర్‌లో వచ్చిన పోటీ బహుమతి తీసెయ్యి, సరిపోతుంది

4. ఫైల్ పేరు

ఇప్పుడున్నది `resume final new (2).docx`. వాళ్ల ఫోల్డర్‌లో ఆ పేరుతో ఇంకెన్ని ఉంటాయో! ఇలా పెట్టు:

`Sravanthi_K_Accounts_Executive.pdf`

స్పేసులు వద్దు, బ్రాకెట్లు వద్దు, వెర్షన్ నంబరు వద్దు. విండోస్‌లో ఫైల్ చివరి అక్షరాలు దాచి ఉంటే నువ్వు మళ్లీ పీడీఎఫ్ అని టైప్ చేసి `.pdf.pdf` అవుతుంది, ఫోల్డర్‌లో `View` కింద `File name extensions` టిక్ పెట్టి చూసుకో.

చాలామంది చూడని సంగతి ఇంకోటుంది. వర్డ్‌లో `File > Info` తెరిచి `Title`, `Author` చూడు. ఆ టెంప్లేట్ మొదట నీ ఫ్రెండ్ వాడింది కదా, టైటిల్‌లో ఇంకా ఆ అమ్మాయి పేరే ఉంది. పీడీఎఫ్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే పైన ట్యాబ్ మీద ఫైల్ పేరు కాకుండా ఆ టైటిల్ కనిపిస్తుంది. రెండుచోట్లా నీ పేరు రాయి.

5. పీడీఎఫ్ పంపాలా, వర్డ్ పంపాలా

ప్రకటనలో ఏది అడిగితే అదే. ఇక్కడ రెండింట్లో ఏదైనా అన్నారు కాబట్టి పీడీఎఫ్ పెట్టు. వర్డ్ ఫైల్ వాళ్ల సిస్టమ్‌లో నీ ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్‌తో తెరుచుకుంటుంది, లైన్లు జరుగుతాయి. పీడీఎఫ్ నువ్వు చూసినట్టే వాళ్లకీ కనిపిస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు అడిగితే మాత్రం వర్డే ఇవ్వు, పైన తమ లోగో పెట్టుకుని క్లయింట్‌కి పంపుకుంటారు. అందుకని వర్డ్ కాపీ కూడా శుభ్రంగా ఉంచు: `Review`లో మార్పులన్నీ `Accept` చెయ్యి, నేను పక్కన రాసిన కామెంట్లు డిలీట్ చెయ్యి. అందులో నీ జీతం గురించి రాసినది కూడా ఉంది, అది బయటికి పోకూడదు.

పీడీఎఫ్ చేసేటప్పుడు `Save As`లో `PDF` ఎంచుకో. `Microsoft Print to PDF` వద్దు, దాంతో మెయిల్ లింకు క్లిక్ అవ్వకుండా పోతుంది. ప్రింట్ తీసి ఫోన్‌తో స్కాన్ చేసింది అసలే వద్దు, అది బొమ్మ, అందులో మాటల్ని పోర్టల్ చదవలేకపోవచ్చు.

☐ పీడీఎఫ్ తెరిచి `Ctrl + A`, `Ctrl + C` కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యి. పేరు, ఫోన్ నంబరు, ఉద్యోగాలు ఆ వరసలోనే రావాలి. నువ్వు పక్కన రెండో కాలమ్‌లో పెట్టిన స్కిల్స్ ఉద్యోగాల మధ్యలోకి వచ్చాయంటే ఆ కాలమ్ తీసేసి కింద మామూలుగా రాయి
☐ మెయిల్ లింకు నొక్కితే నీ మెయిలే తెరుచుకోవాలి, ఫ్రెండ్‌ది కాదు
☐ ఫోన్ నంబరు అంకె అంకె పైకి చదువు, నాన్నని వినమను

పీడీఎఫ్‌లో తప్పు కనిపిస్తే వర్డ్‌లో దిద్ది మళ్లీ చెయ్యి, పాత పీడీఎఫ్ చెరిపెయ్యి. రెండు కాపీలు పక్కపక్కన ఉంచుకోవద్దు, హడావిడిలో పాతదే అప్‌లోడ్ అవుతుంది.

అంతా అయ్యాక పన్నెండులోపు నాకు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపు, ఫోటోగా కాదు. లంచ్‌లో ఫోన్లో తెరిచి చూసి చెప్తాను. నేను సరే అన్నాక అప్‌లోడ్ చేసి, పెట్టిన ఫైల్‌నే పోర్టల్ నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసి తెరిచి చూడు.

అక్క