జావా డెవలపర్ పోస్టు: నా అప్లికేషన్ ఇంకా పరిశీలనలో ఉందా?

నమస్తే అండీ,

మీ హైదరాబాద్ ఆఫీసులో జావా డెవలపర్ పోస్టుకి రెండు టెక్నికల్ రౌండ్లు పూర్తిచేశాను. రెండోది జూన్ 12న జరిగింది. వారంలో మేనేజర్ రౌండ్ ఉంటుందని రిక్రూటర్ రమ్య గారు ఫోన్‌లో చెప్పారు. నిన్న ఆవిడకి మెయిల్ పెడితే, వేరే కంపెనీకి వెళ్లారని, మీకు రాయమని ఆటో రిప్లై వచ్చింది.

నా అప్లికేషన్ ఇంకా నడుస్తోందా? ఇకపై ఎవరితో మాట్లాడాలి? రెండో రౌండ్‌లో పేమెంట్స్ సర్వీస్ గురించి మీ టీమ్‌తో గంటసేపు మాట్లాడాక ఈ పని మీద ఇష్టం ఇంకా పెరిగింది. వేరే చోట వచ్చిన ఆఫర్‌కి ఈ శుక్రవారంలోగా జవాబివ్వాలి, కాస్త టెన్షన్‌గానే ఉంది. పోస్టు భర్తీ అయిపోయి ఉంటే ఆ మాటైనా చెప్పండి. రెజ్యూమె మళ్లీ జతచేశాను.

కృతజ్ఞతలతో,
స్వాతి