ప్రొఫైలా, డి హ్యాండిలా?

పనిముట్లు సంచిలో వేసుకుంటూ వడ్రంగి ఆచారన్న తేల్చి చెప్పేశాడు.

"రేపు పొద్దున వంటగది అరల షట్టర్లు కోస్తా. రాత్రికి మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. హ్యాండిల్ బదులు ప్రొఫైల్ పట్టీ అయితే దాని మందం తీసేసి షట్టర్ ఎత్తు తగ్గించాల. మామూలు హ్యాండిల్ అయితే నిండుగా కోయాల. కోసేసినాక అయ్యో అంటే చెక్క పెరగదు."

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు ఆగకముందే శేఖర్ అన్నాడు, "ఇంక మాట ఏముంది? ప్రొఫైలే."

"నేను అనలేదే," అంది పావని.

కరకంబాడి రోడ్డులో రెండో అంతస్తు ఫ్లాట్ అది. ఇద్దరి జీతాల మీదా లోన్ తీసుకుని కొన్నారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. టైల్స్, పెయింట్, స్విచ్‌బోర్డులు అన్నీ చిన్న చిన్న సర్దుబాట్లతో అయిపోయాయి. హ్యాండిళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వారం రోజులుగా ఇంట్లో ఇదే గోల. చూసేవాళ్ళకి చిన్న విషయమే. కానీ ఇంట్లో గోడని రోజుకి ఎన్నిసార్లు ముట్టుకుంటాం? వంటగది సొరుగుని మాత్రం కాఫీ పొడి దగ్గర మొదలుపెట్టి రాత్రి గిన్నెలు సర్దేదాకా లాగుతూనే ఉంటాం. అందుకే ఇద్దరూ పట్టుపట్టారు. అందులో తప్పేమీ లేదు.

శేఖర్ శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. చీకటితోనే కంపెనీ బస్సు ఎక్కి, మళ్ళీ చీకటి పడ్డాకే దిగుతాడు. అతని కళ్ళకి వంటగది అంటే ఒకే తలం. క్రీమ్ రంగు లామినేట్, మధ్యలో నల్లటి సన్న గీతలాగా, వేళ్ళు దూర్చి లాగే గాడి ఉన్న అల్యూమినియం ప్రొఫైల్, బయటికి పొడుచుకొచ్చేది ఒక్కటీ ఉండకూడదు. ఇంతకుముందున్న అద్దె ఇంట్లో సగం నాబ్‌లు ఊడిపోయి, కప్‌బోర్డు తెరవాలంటే చాకు మొన పెట్టి లాగాల్సి వచ్చేది. అప్పుడే అనుకున్నాడు, సొంత ఇంట్లో ఊడిపోయే వస్తువే ఉండకూడదని.

"ప్రొఫైల్ ఊడదు పావనీ. షట్టర్ అంచుకే బిగిస్తారు. లూజయ్యే స్క్రూ బయటికి కనిపించదు. తుడవడం తేలిక."

"తుడిచేది ఎవరో అడుగు. ఆ గాడి లోపల ఏం చేరుతుందో తెలుసా? తిరగమోత జిడ్డు, దాని మీద దుమ్ము. గుడ్డ లోపలికి పోదు, పాత టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చోవాల."

"సరే, పుష్ ఓపెన్ పెట్టిద్దాం. నొక్కితే తెరుచుకుంటుంది, ఏ హ్యాండిలూ వద్దు."

"సొరుగులకి మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ చానెల్ కావాలని నువ్వే కొనుక్కొచ్చినావు. ఆ చానెల్‌కి పుష్ ఓపెన్ కుదరదని షాపాయన చెప్పలేదా? రెండూ కలిసి ఉండేవి వేరే, వాటి ధర విని నువ్వే లేచి వచ్చేసినావు."

శేఖర్ దానికి జవాబు చెప్పలేదు. షాపాయన చెప్పిన మాట నిజమే.

నేల మీద పాత న్యూస్ పేపర్ పరిచి, దాని మీద శాంపిళ్ళు పెట్టి ఉన్నాయి. అడుగు పొడవు జీ ప్రొఫైల్ ముక్క. స్టీల్ డి హ్యాండిల్, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 160 ఎంఎం. అలాంటిదే ఇంకోటి 96 ఎంఎం. ఒక టీ బార్. ఒక ఇత్తడి రంగు కప్ హ్యాండిల్, దాన్ని ఇద్దరూ మొదటి రోజే వద్దనుకున్నారు.

శేఖర్ టీ బార్ తీసి ఆమె చున్నీ కొసకి తగిలించాడు. "చూడు. పొయ్యి దగ్గర నిలబడి గబుక్కున తిరిగినావనుకో. చేతిలో వేడి నూనె. చున్నీ దీనికి తగులుకుంది. అప్పుడు?"

"నేను దాన్ని అడగలేదు బావా. నేను అడిగింది ఇది." పావని డి హ్యాండిల్ చేతికి ఇచ్చింది. "టీ బార్‌కి రెండు కొసలూ బయటికి ఉంటాయి, గుడ్డని పట్టేది అవే. దీనికి కొసలు చెక్కలోకి తిరిగిపోయినాయి. చున్నీ వేసి చూడు."

వేసి చూశాడు. జారిపోయింది. రెండోసారి కావాలని లాగాడు, అప్పుడూ జారిపోయింది.

"సరే, చున్నీ సంగతి వదిలేయ్. ఇటు రా." టేపు తీసుకుని వంటగది మూలకి నడిచాడు. ఎల్ ఆకారపు వంటగది, పొయ్యి వైపు మూడు సొరుగులు, సింక్ వైపు రెండు. అతను మూలలో కూర్చుని, సింక్ వైపు సొరుగు ముఖం ఉండే చోట డి హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఇప్పుడు పొయ్యి వైపు సొరుగు లాగినట్టు చెయ్యి జరుపు."

ఆమె అట్ట ముక్కని సొరుగులాగా ముందుకి జరిపింది. అది నేరుగా వచ్చి హ్యాండిల్‌కి కొట్టుకుంది.

"కొట్టుకుందా? రోజూ కొట్టుకుంటుంది. నెలకే లామినేట్ అంచు లేచిపోతుంది."

పావని కాసేపు ఆ మూల వైపే చూస్తూ ఉండిపోయింది. ఇది ఆమెకి తట్టలేదు. ఎవరికీ తట్టదు కూడా. మూల సొరుగులు బిగించాక, మొదటిసారి లాగినప్పుడే చాలామందికి ఈ సంగతి తెలిసేది.

"మరి అందరూ ఏం చేస్తారు?"

"మూలలో ఫిల్లర్ ఇస్తారు. హ్యాండిల్ బయటికి 35 ఎంఎం, షట్టర్ మందం 18. మొత్తం 53. రెండున్నర అంగుళాల చెక్క మూలలో వదిలితే సెంటీమీటరు జాగా మిగిలి తప్పుకుంటుంది. కానీ నీ మసాలా సొరుగు అంత చిన్నదవుతుంది. ప్రొఫైల్ అయితే ఇంత చెక్క వదలక్కర్లేదు."

"చిన్నదైతే కానీ."

"ఎందుకు అంత పట్టు నీకు? అందంగా ఉంటుందనా?"

పావని మాట్లాడలేదు. లోపలికి వెళ్ళి హ్యాండ్‌బ్యాగులోంచి మైక్రోపోర్ టేపు చుట్ట తెచ్చింది. ఆమె ఫిజియోథెరపిస్టు, ఆ టేపు ఆమె బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. ఆచారన్న కోసి పారేసిన సన్న బీడింగ్ ముక్కలు ఏరుకుంది.

"కుడి చెయ్యి ఇవ్వు."

"ఏమ్మే, ఏం చేస్తావు?"

"ఇవ్వు అంటున్నాను కదా."

చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, కింద బీడింగ్ ముక్క పెట్టి చుట్టింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా అట్లాగే. బొటనవేలికి కూడా ఒక చుట్టు వేసి చూపుడు వేలి పక్కకి లాగి కట్టేసింది. చెయ్యి గరిటెలాగా బిగుసుకుపోయింది.

శాంపిల్‌కని ఆచారన్న ఒక సొరుగు ముందే బిగించి పెట్టాడు. దాని ముందు పలకకి పై అంచున ప్రొఫైల్ ముక్క, కింద డి హ్యాండిల్, రెండూ స్క్రూలతో నిలబెట్టి ఉన్నాయి. పావని ఆ సొరుగులో డ్రిల్ మిషన్ పెట్టెనీ, మిగిలిన టైల్స్ డబ్బానీ పెట్టింది. ప్రెషర్ కుక్కర్, కడాయిలు ఉంటే ఆ మాత్రం బరువు ఉంటుంది.

"ప్రొఫైల్ పట్టుకుని లాగు."

శేఖర్ వేళ్ళని గాడిలోకి తోశాడు. కొసలు లోపలికి వెళ్ళాయి కానీ వంగవు. వంగకపోతే పట్టు లేదు. లాగితే వేళ్ళు జారి బయటికి వచ్చేశాయి. పక్కకి తిప్పి లాగాడు, గోరు దగ్గర నొప్పి పుట్టింది. సొరుగు అంగుళం కదిలి, సాఫ్ట్ క్లోజ్ కదా, మెల్లగా వెనక్కి పోయి మూసుకుంది.

"ఇప్పుడు కింది దాన్ని."

నాలుగు వేళ్ళూ కలిపి డి హ్యాండిల్ వెనక్కి దూర్చి, మోచేతితో వెనక్కి లాగాడు. సొరుగు టైల్స్‌తో సహా బయటికి వచ్చేసింది. వేళ్ళతో పనే పడలేదు.

"మా అత్త చెయ్యి పొద్దున పూట ఇట్లాగే ఉంటుంది," అంది పావని.

ఆమె అత్త అంటే శేఖర్ వాళ్ళ అమ్మే. పావనికి సొంత మేనత్త. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎన్నో సీజన్లు పని చేసింది. తోతాపురి కాయలు లోడ్లు లోడ్లుగా దిగే రోజుల్లో పగలూ రాత్రీ తడి చేతులతోనే ఉండేది. ఆ డబ్బుతోనే శేఖర్ పాలిటెక్నిక్ చదివాడు.

"అమ్మకి వేళ్ళ నొప్పులని చెప్పింది. ఇంతనా?"

"నీకెందుకు చెప్తుంది? నువ్వు ఆదివారం మధ్యాహ్నం పోతావు. అప్పటికి చేతులు కాస్త సాగి ఉంటాయి. కీళ్ళవాతం పొద్దున లేస్తూనే బిగుసుకుంటుంది, గంటకో రెండు గంటలకో వదులుతుంది. నాకు ఫోన్‌లో చెప్పింది, పాల ప్యాకెట్ పళ్ళతో చించుతానని. ఫ్యాక్టరీ పని వల్లనే వచ్చిందని నేను అనను, ఆ జబ్బు వేరే. కానీ వేళ్ళ కొసలతో గిల్లి పట్టుకునే పని ఏదైనా ఆ కీళ్ళకి చెరుపు. అరచెయ్యంతా వేసి లాగితే బరువు మోచేతి మీదికి పోతుంది."

"ఆమె ఇక్కడికి వస్తానని ఎప్పుడూ అనలేదు కదా."

"మనం రమ్మన్నామా?"

శేఖర్ ఎడమ చేత్తో టేపు ఊడదీసుకుంటున్నాడు. చర్మం మీది వెంట్రుకలు లేచి వస్తుంటే ముఖం చిట్లించాడు. పావని వచ్చి మిగిలింది తనే మెల్లగా తీసింది. కోపం ఇద్దరిలోనూ ఇంకా పూర్తిగా పోలేదు. అతనికి తన తల్లి సంగతి భార్య ద్వారా తెలియడం కష్టంగా ఉంది. ఆమెకి ఇన్ని రోజులు ఊరికే అందం కోసం పట్టుబట్టినట్టు అతను అనుకోవడం కష్టంగా ఉంది.

అతను మళ్ళీ సొరుగు దగ్గర కూర్చుని డి హ్యాండిల్ పట్టుకుని రెండు మూడుసార్లు లాగాడు. ఆ తర్వాత 96 ఎంఎం దాన్ని దాని పక్కన పెట్టి చూశాడు.

"ఇది వద్దు. నాలుగు వేళ్ళూ పట్టవు. 160 దే వేయాల."

"అదే నేను మొదటి రోజు నుంచీ చెప్తున్నాను."

"నువ్వు 160 అన్నావు, ఎందుకో చెప్పలేదు." అతను లేచి పై అరల వైపు చూశాడు. "పైవాటికి మాత్రం హ్యాండిల్ వద్దు. అమ్మకి ఆ ఎత్తు అందదు. షట్టర్‌ని పెట్టె కన్నా ఒక అంగుళం కిందికి దించితే వేలు కింద పెట్టి లాగొచ్చు. నీ తలకి తగిలేదీ ఉండదు."

పావని మడమలెత్తి నిలబడి, గాలిలో షట్టర్ పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి చూసుకుంది. "సరే. అది నీ ఇష్టం."

"రంగు?"

"నలుపు వద్దు. పైన పూత లేస్తే లోపలి తెలుపు కనిపిస్తుంది. స్టీలే, మెరుపు లేనిది. మన బోరు నీళ్ళ మరకలు మెరిసే దాని మీదే ఎక్కువ కనపడతాయి."

అతనికి నలుపే ఇష్టం. ఒక్క క్షణం ఆగి, తల ఊపి ఫోన్ తీశాడు. ఆచారన్న రెండో రింగుకే ఎత్తాడు, వెనక టీవీ మోత.

"అన్నా, కింద అన్నిటికీ డి హ్యాండిల్. షట్టర్లు నిండుగా కోసేయ్. మూలలో రెండున్నర అంగుళాల ఫిల్లర్ ఇవ్వు. పైవి అంగుళం కిందికి. హ్యాండిల్ రంధ్రాలు మాత్రం రేపు వేయొద్దు."

"అదేంది? స్టెన్సిల్ పెట్టినానంటే గంటలో అయిపోతుంది కదా."

"వేయొద్దన్నా. అమ్మ వస్తుంది. ఆమె చెయ్యి ఎక్కడ పెడుతుందో చూసి గుర్తు పెడదాం."

ఫోన్ పెట్టేసి పావని వైపు తిరిగాడు. "ఆదివారం పోయి తీసుకొస్తాను."

"శనివారం రాత్రే తీసుకురా," అంది ఆమె న్యూస్ పేపర్ మీది శాంపిళ్ళు సంచిలో వేస్తూ. "ఆదివారం పొద్దున లేస్తూనే చూడాల. మధ్యాహ్నం చూస్తే ఏం తెలుస్తుంది?"