మీ సెషన్ ముగిసింది. మళ్లీ లాగిన్ అవ్వండి

5 నిమిషాలుగా మీ వైపు నుంచి మా సర్వర్‌కు ఏ క్లిక్కూ రాలేదు. అందుకని మిమ్మల్ని నెట్ బ్యాంకింగ్ నుంచి లాగౌట్ చేశాం.

చివరి క్లిక్: ఉదయం 11:42:08
లాగౌట్ అయిన సమయం: ఉదయం 11:47:08
మీరు ఉన్న పేజీ: కొత్త బెనిఫిషియరీ నమోదు

ఈ పేజీలో డబ్బు పంపే పని ఉండదు కాబట్టి ఇక్కణ్ణుంచి మీ ఖాతాలో ఏమీ తగ్గలేదు. మీరు నింపుతున్న ఖాతా నంబరు, IFSC కోడ్ మాకు చేరలేదు, బెనిఫిషియరీ నమోదు కాలేదు. క్షమించండి, మళ్లీ మొదటి నుంచి నింపాలి. బ్యాక్ బటన్ నొక్కితే పాత పేజీ కనిపించవచ్చు గానీ అది పనిచేయదు.

మళ్లీ లాగిన్ అవ్వండి

ఎందుకిలా జరిగింది?

"నేను టైప్ చేస్తూనే ఉన్నాను కదా, ఖాళీగా కూర్చోలేదే!" అని మాకు తరచూ ఫోన్లు వస్తాయి. మీ మాట నిజమే. కానీ మీరు గడుల్లో టైప్ చేసేది "సబ్మిట్" నొక్కేదాకా మీ బ్రౌజర్‌లోనే ఉంటుంది. మీరు అంకె అంకె సరిచూసుకుంటూ నింపుతున్నారో, పాస్‌బుక్ కోసం బీరువా వెతుకుతున్నారో, పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నారో సర్వర్‌కు తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే, చివరి క్లిక్ ఎప్పుడు వచ్చిందన్నది.

అసలు సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టేది ముఖం చూసి కాదు. ప్రతి క్లిక్కూ దానికి కొత్త మనిషి వచ్చినట్టే. అందుకే లాగిన్ కాగానే మీ బ్రౌజర్‌కు ఒక రహస్య నంబరు ఇస్తుంది. ఆ తర్వాత మీరు ఏం నొక్కినా బ్రౌజర్ ఆ నంబరు చూపిస్తుంది. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. టోకెన్ ఎవరు తెస్తే చెప్పులు వాళ్లకే, పేరు అడగరు. ఆ నంబరు వేరేవాళ్లకు చిక్కితే పాస్‌వర్డ్ తెలియకపోయినా మీ ఖాతాలోకి రాగలరు. దాని ఆయుష్షు ఎంత తక్కువైతే దొంగకు అంత తక్కువ సమయం దొరుకుతుంది.

అంతకన్నా మామూలుగా జరిగేది ఇంకొకటి ఉంది. ఇంటర్నెట్ సెంటర్‌లో బ్యాలెన్స్ చూసుకుని, లాగౌట్ నొక్కకుండా కుర్చీలోంచి లేచి వెళ్లిపోతారు. తర్వాత కూర్చున్నవాళ్లకు మీ పేరు, ఖాతా, లావాదేవీలు అన్నీ తెర మీదే ఉంటాయి. ఆఫీసులో టీకి వెళ్లినా అంతే.

5 నిమిషాలే ఎందుకు? వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ మార్గదర్శకాల్లో, ఎక్కువ విలువైన లావాదేవీలు జరిగే సైట్లకు 2 నుంచి 5 నిమిషాలు, అంత ప్రమాదం లేని వాటికి 15 నుంచి 30 నిమిషాలు మామూలని ఉంటుంది. మేం అందులో పై హద్దు తీసుకున్నాం. నెమ్మదిగా టైప్ చేసే పెద్దవాళ్లకు ఇది చాలదని మాకూ తెలుసు. అందుకే గడువుకు 60 సెకన్ల ముందు "ఇంకా ఉన్నారా?" అని అడుగుతాం. "ఉన్నాను" నొక్కితే ఇంకో 5 నిమిషాలు వస్తాయి. వేరే ట్యాబ్‌లోకి వెళ్లి ఉంటే ఆ ప్రశ్న మీ కంట పడి ఉండదు.

టికెట్ల సైట్లలో గడువుకు ఇంకో కారణం కూడా ఉంటుంది. మీరు ఎంచుకున్న సీటును కాసేపు మీకోసం పట్టి ఉంచుతారు. డబ్బు కట్టకుండా వదిలేస్తే దాన్ని విడిపించి వేరేవాళ్లకు ఇవ్వాలి కదా.

డబ్బు పంపుతుండగా ఇలా అయితే?

ఓటీపీ కొట్టి సబ్మిట్ చేశాక ఈ సందేశం వస్తే వెంటనే మళ్లీ పంపకండి. తెర మూసుకుపోయినా అప్పటికే వెళ్లిన ఆదేశం ఆగదు. ముందు స్టేట్‌మెంట్ చూడండి, లేకపోతే ఒకే మొత్తం రెండుసార్లు వెళ్లే ప్రమాదం ఉంది. ఐఎంపీఎస్‌లో మీ ఖాతాలో తగ్గి అవతలివాళ్లకు చేరకపోతే, రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధనల ప్రకారం మరుసటి రోజుకల్లా ఆ మొత్తం తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున మేమే మీకు కట్టాలి. దానికి మీరు అర్జీ పెట్టనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక

"మీ సెషన్ ముగిసింది, ఈ లింకు నొక్కండి" అని ఎస్సెమ్మెస్‌లోగాని వాట్సాప్‌లోగాని వస్తే అది మేం పంపింది కాదు. ఈ సందేశం సైట్ వాడుతున్నప్పుడు బ్రౌజర్‌లోనే వస్తుంది. అనుమానంగా ఉంటే ఈ ట్యాబ్ కూడా మూసేసి, మా చిరునామా మీరే టైప్ చేసి లోపలికి రండి. ఇప్పటికే అలాంటి లింకులో పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే, ముందు మీ శాఖకు చెప్పి నెట్ బ్యాంకింగ్ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మళ్లీ మొదలుపెట్టే ముందు పాస్‌బుక్, అవతలివాళ్ల ఖాతా వివరాలు, ఓటీపీ వచ్చే ఫోను పక్కన పెట్టుకోండి. అన్నీ చేతికందేలా ఉంటే ఈ ఫారం నింపడానికి 2 నిమిషాలు చాలు.