వంటగది వెనక కుక్క చెప్పిన మాట

పిల్లలూ, కాసేపు గోల ఆపండి. వార్తలు, సూక్తి అయిపోయాయి కాబట్టి హెడ్‌మాస్టర్ గారు నాకు ఐదు నిమిషాలిచ్చారు. మన మధ్యాహ్న భోజనం వంటగది వెనక ఈనిన గోధుమరంగు కుక్క గురించి మాట్లాడాలి.

మొన్న శుక్రవారం అది ఏడో తరగతి పిల్లాడి ప్యాంటు పట్టి లాగిందని సాయంత్రం పదిమంది రాళ్లు పట్టుకుని దాని వెంటపడ్డారు. పన్ను గీరుకోలేదు, అదృష్టం. కానీ జరిగిందంతా నేను స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూశాను. వాడు కూనను ఎత్తబోయాడు. అది ముందు ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడింది, చెవులు వెనక్కి పెట్టింది, తర్వాత పై పెదవి ఎత్తి గుర్రుమంది. మనవాడు నవ్వి ఇంకో అడుగేశాడు, నేను కేకేసేలోపే పట్టేసింది. మూడుసార్లు చెప్పింది పాపం, వింటేగా!

తోక ఊపుతోంది కదా అని ప్రతి కుక్క దగ్గరికీ పోకండి. ఒళ్లంతా వదులుగా ఊగుతూ ఊపితే అది వేరు, తోకను కర్రలా నిటారుగా పెట్టి కొస మాత్రమే ఆడిస్తుంటే అది వేరు. వెంటపడితే పరుగెత్తొద్దు, పరుగెత్తేదాన్ని తరమడం వాటి పుట్టుగుణం. సైకిల్ మీదుంటే దిగి దాన్ని అడ్డం పెట్టుకుని, కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి నడవండి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు జోలికి పోవద్దు. ఇంకో మాట, యూనిఫాం వేసుకున్నవాళ్లు రాళ్లు విసిరితే రేపు యూనిఫాంలో ఎవరొచ్చినా అది మొరుగుతుంది. ఆ మొరుగుడు మనం నేర్పిందే. దీపావళికి తోకకు టపాకాయలు కట్టే వీరులూ వినండి, జంతువుల్ని హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం.

కొన్ని కుక్కలకు చెవి కొస కత్తిరించి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్నచోటే వదిలారని దానికి గుర్తు. మనదానికి అది లేదు, ఉంటే ఈ ఐదు కూనలు ఉండేవే కాదు. అవి పాలు మానాక ఆపరేషన్ చేయించమని మున్సిపాలిటీకి ఉత్తరం రాద్దాం, ఎనిమిదో తరగతి వాళ్లు రాసి నాకు చూపించండి.

ఇంత జాగ్రత్తపడినా కరిస్తే, గీరినా సరే, తిడతారని ఇంట్లో దాచొద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పూయొద్దు. అదే రోజు సర్కారు ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ టీకా ఉచితం, చెప్పిన డోసులన్నీ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం, అందుకే ఇందులో మాత్రం నాకు జాలి లేదు, ఎవరు దాచినా వాళ్లింటికి నేనే వస్తాను.

ఈ రోజు నుంచి మిగిలిన అన్నం వంటగది దగ్గర పారేయొద్దు, వెనక గేటు పక్కన తొట్టి పెట్టించాను, అందులో వేయండి. నీళ్ల చిప్ప మాత్రం రోజూ ఆయమ్మ గారే పెడతారు, మీరు పెట్టనక్కర్లేదు. ఇక క్లాసులకు పదండి, వంటగది వైపు నుంచి కాదు, ముందు నుంచి!