మల్లేశ్వరం ఇల్లు: రెక్కీ చెక్‌లిస్ట్ (మామ్మ షార్ట్ ఫిల్మ్, రెండో షెడ్యూల్)

షూట్: ఫిబ్రవరి 8, ఆదివారం. ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు.
రెక్కీ: ఫిబ్రవరి 1 ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా, మళ్లీ 4వ తేదీ బుధవారం సాయంత్రం ఒక గంట.
మనుషులు: యూనిట్ ఎనిమిది మంది, నటులు ఇద్దరు.

డైరెక్టర్ గారూ, కెమెరా అన్నా, సౌండ్ తమ్ముడూ, ముగ్గురూ పూర్తిగా చదవండి. ఎవరి భాగం వాళ్లు చదివి మిగతాది వదిలేస్తే పోయినసారి జరిగిందే మళ్లీ జరుగుతుంది. అప్పుడు ఫొటోలు చూసి ఇల్లు ఓకే చేసేశాం. తీరా షాట్ పెట్టాక పక్కింటి మోటారు మొదలైంది, ఎండ గోడ దాటిపోయింది. ఈసారి షూట్ ఆదివారం కాబట్టి రెక్కీ కూడా ఆదివారమే చేశాను. వీధి రోజుకో రకంగా ఉంటుంది.

గుర్తులు: ☑ చూశాను, సరే. ☐ ఇంకా చేయాలి. ✗ కుదరదు.

ఎండ

ముందు దీన్నే రాస్తున్నాను. రోజంతటి ప్లాను దీని మీదే ఆధారపడి ఉంది.

☑ దిక్కు. ఇల్లు తూర్పు ముఖం. వరండా, రాతి అరుగు వీధి వైపు ఉన్నాయి. ఫోన్ దిక్సూచిని గేటు దగ్గర పెడితే ఇనుము వల్ల తప్పు చూపించింది. వరండా మధ్యలో, గ్రిల్‌కు దూరంగా పట్టుకుంటే సరిగ్గా వచ్చింది. మీరు కూడా అక్కడే చూడండి.

☑ 8వ తేదీ సూర్యోదయం సుమారు 6:44, అస్తమయం సుమారు 6:23. ఫిబ్రవరిలో సూర్యుడు నేరుగా తూర్పున కాకుండా 15 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. మధ్యాహ్నం 12:34 ప్రాంతంలో ఎత్తుకు చేరతాడు, అప్పుడు కూడా దక్షిణం వైపే, దాదాపు 62 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సరిగ్గా నడినెత్తికి రావాలంటే బెంగళూరులో ఏప్రిల్ చివరి వారం దాకా ఆగాలి.

✗ "పొద్దున ఏడింటికి అరుగు మీద ఎండ" అని స్క్రిప్టులో ఉంది. అది రాదు. ఎదురుగా నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది. ఒకటో తేదీన గడియారం పట్టుకుని అరుగు ఎదురుగా కూర్చున్నాను. మొదటి ఎండ పడింది 9:10కి. ఆ తర్వాత వరండా కప్పు అంచు నీడ దిగుతూ వచ్చి 9:30కల్లా ఎండ అరుగు దాటి మెట్ల మీదకు వెళ్లిపోయింది. 8వ తేదీకి రెండు మూడు నిమిషాలు తేడా రావచ్చు. మామ్మ గారికి అరుగు మీద దొరికే ఎండ మొత్తం 20 నిమిషాలు.

ఇంటి ఓనరు ఆంటీ పంపిన ఫొటోలో వరండా అంతా బంగారంలా మెరిసిపోతోంది కదా, అది జూన్‌లో తీసిన ఫొటో. జూన్‌లో సూర్యుడు ఈశాన్యం వైపు నుంచి వస్తాడు. అపార్ట్‌మెంట్‌కు ఎడమ పక్క ఉన్న ఖాళీలోంచి ఎండ నేరుగా లోపలికి పడుతుంది. ఆమె అబద్ధం ఏమీ చెప్పలేదు, నెల మారిందంతే.

ఇక చేయాల్సింది: అరుగు షాట్లకు 8 గంటలకే ఫ్రేమ్ కట్టి, ఫోకస్ మార్కులు వేసి, రిహార్సల్ చేసి పెట్టుకోవాలి. 9:10కి నేరుగా టేక్. రెండు సెటప్‌లే వస్తాయి, మూడోది ఆశపడొద్దు. క్లోజప్ తర్వాత నీడలోనే తీసి, మెట్ల మీద ఎండ తగిలేలా థర్మాకోల్ షీటు పెట్టి బౌన్స్ ఇస్తే సరిపోతుంది. కెమెరా అన్న ఒప్పుకున్నాడు.

☑ హాలు. దక్షిణం వైపు రెండు కిటికీలు. బెంగళూరు పాత ఇళ్ల మంకీ టాప్ చెక్క అల్లిక అక్కడ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. చూడ్డానికి బాగుంది కానీ బయట మీటరు దూరంలో పక్కింటి గోడ. నేరుగా ఎండ రాదు, వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది. కంటిన్యూటీకి ఇది వరమే. హాలు సీన్లన్నీ 10 నుంచి 3 మధ్య పెట్టాను.

☑ వెనక పెరడు. పడమర. 4:15 నుంచి ఎండ వస్తుంది, 5:40కి వెనక గోడ కిందకు దిగిపోతుంది. కొబ్బరి చెట్టు నీడ ముఖం మీద కదులుతుంది, గాలి ఉంటే మరీ ఎక్కువ. 

☑ దీపం పెట్టే సీన్ 6:25 నుంచి 6:45 లోపే. ఆకాశం నీలంగా ఉండేది ఆ కాస్త సేపే.

కరెంటు

☑ సింగిల్ ఫేజ్, బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ 3 కిలోవాట్లు. మీటరు బోర్డు మెట్ల కింద. మెయిన్స్ ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి.

☑ వోల్టేజ్ మధ్యాహ్నం 224, బుధవారం రాత్రి 7కి 211. మన లైట్లకు ఇబ్బంది లేదు.

హాలు లైను 6 ఆంప్స్ ఎంసీబీ మీద ఉంది. 230 వోల్టులకు లెక్క వేస్తే 1380 వాట్లు. మన సామాను: పెద్ద ఎల్‌ఈడీ 720 వాట్లు లాగుతుంది (పేరు 600 అయినా అడాప్టర్ మీద రాసింది ఇది), చిన్నవి రెండు కలిపి 480, మానిటర్, చార్జర్లు కలిపి 300. మొత్తం 1500. అన్నీ హాల్లో పెడితే ట్రిప్ అవ్వొచ్చు. కాబట్టి పెద్ద లైటు వంటింట్లో ఉన్న 16 ఆంప్స్ పవర్ ప్లగ్‌కు, మిగతావి హాలుకు.

☐ 15 మీటర్ల మందం కేబుల్ ఒకటి అద్దెకు తేవాలి. కేబుల్ రీలు పూర్తిగా విప్పాకే లోడ్ పెట్టండి. చుట్టిన రీలు వేడెక్కుతుంది.

✗ ఎలక్ట్రిక్ కెటిల్. 1500 వాట్లు. దాన్ని ఈ ఇంట్లో ప్లగ్ చేసినవాళ్లే ఆ రోజు అందరికీ భోజనం పెట్టాలి. టీ ఫ్లాస్కులో వస్తుంది.

☑ గీజర్ 2000 వాట్లు. ఆంటీ 7 లోపే స్నానాలు ముగించేస్తామన్నారు. మోటారు గురించి కింద సౌండ్‌లో రాశాను.

ఎర్తింగ్ విషయం జాగ్రత్త. హాలు సాకెట్లకు మూడో రంధ్రం ఉంది కానీ వెనక ఎర్త్ వైరు లేదు. మల్టీమీటర్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే 40 చుట్టూ ఊగుతోంది, వంటింట్లో మాత్రం 220 దాటి వచ్చింది. ఇనుప లైట్ స్టాండు మీద చెయ్యి పెట్టేది మన పిల్లలే. ☐ ఎలక్ట్రీషియన్ శనివారం వచ్చి వంటింటి నుంచి ఎర్త్ లాగుతాడు. అది అయ్యేదాకా హాల్లో ఏ లైటూ వెలగదు.

☑ ట్యూబ్‌లైట్లు. హాల్లోవి పాత చోక్‌వి, కెమెరాలో మినుకుమంటాయి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 పెడితే తగ్గుతుంది. అయినా వాటిని ఆపేయడమే మేలు.

☐ 6వ తేదీన బెస్కామ్ 1912కు ఫోన్ చేసి ఆదివారం మరమ్మతుల కోత ఉందేమో అడగాలి. జనరేటర్ వద్దనుకున్నాం. ఈ సందులో దాని చప్పుడు వినపడని మూల లేదు. కరెంటు పోతే బ్యాటరీలు రెండు పెట్టి చిన్న లైటు ఒకటి ముప్పావు గంట నడపొచ్చు.

చప్పుడు

ఒకటో తేదీన గంటకోసారి రెండు నిమిషాలు రికార్డు చేశాను. ఫైళ్లు డ్రైవ్‌లో ఉన్నాయి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్లో వింటే ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

7:20కి చెత్త ఆటో పాట. 8కి గుడి గంటలు, అవి కథకు పనికొస్తాయి, విడిగా రికార్డు చేసుకో తమ్ముడూ. రైలు కూత గంటకు మూడుసార్లు వినిపించింది. దానికి మనం చేయగలిగింది లేదు, టేక్ ఆపి మళ్లీ చెయ్యడమే. పక్క స్థలంలో టైల్స్ కోసే మిషన్ బుధవారం ప్రాణం తీసింది, ఆదివారం పని లేదని మేస్త్రీ మాట ఇచ్చాడు.

అసలు టెన్షన్ 9:15కి వచ్చింది. మన బంగారు 20 నిమిషాల మధ్యలో. కూరగాయల బండి, దాని మీద రికార్డు చేసిన గొంతుతో మైకు. నాకు వచ్చిన ముక్కలు ముక్కలు కన్నడలో బతిమాలుతుంటే ఆయన నవ్వి "మాది మదనపల్లె సామీ, తెలుగులోనే చెప్పు" అన్నాడు. ఆదివారం మన సందు మొదట్లోనే మైకు ఆపేస్తానన్నాడు. ☐ ఆ రోజు యూనిట్ భోజనానికి కూరగాయలు ఆయన దగ్గరే కొనాలి, టమోటాలు రెండు కిలోలు ఎక్కువే.

☑ ఫ్రిజ్. హాలు గోడకు ఆనుకునే ఉంది, టేక్‌కు ముందు ఆపాలి. ఆపినవాళ్లు తమ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. తాళం కోసం వెళ్లినప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. ఆంటీ ఇడ్లీ పిండి పాడైతే ఈ ఇల్లు మనకు మళ్లీ దొరకదు.

☑ మోటారు. ఓవర్‌హెడ్ ట్యాంకు 7 లోపే నింపుతారు. పై వాటా వాళ్ల మోటారు వేరు, వాళ్లతో మాట్లాడాను, సాయంత్రం 7 దాటాకే వేస్తారు.

హాల్లో చప్పట్లు కొట్టి చూస్తే చప్పుడు తిరిగి మోగుతోంది. ఎర్ర గచ్చు నేల, ఖాళీ గోడలు, ఎత్తు కప్పు. ☐ ఫ్రేమ్‌లో పడనిచోట పరవడానికి జంపఖానాలు రెండు, గోడకు కట్టడానికి బొంతలు నాలుగు. ఎవరింట్లో ఉంటే వాళ్లు తెండి.

పార్కింగ్

వీధి వెడల్పు తక్కువ. ఒక కారు ఆగితే ఆటో కష్టం మీద పోతుంది.

☑ సామాను కారు 6:30కి గేటు ముందు ఆగి 15 నిమిషాల్లో దింపుకుని వెళ్లిపోవాలి. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు చెప్పాను. వాళ్ల గేటుకు అడ్డం ఒక్క నిమిషం కూడా వద్దు.

☑ కార్లు రెండూ మూడు నిమిషాల నడక దూరంలో ఉన్న కల్యాణ మండపం ఆవరణలో. మాఘం కదా, పెళ్లి ఉంటుందేమోనని భయపడ్డాను. 8న బుకింగ్ లేదట. మేనేజరు 300 అడిగారు, రసీదు ఇస్తారు.

☑ ఇంటి కాంపౌండ్‌లో టూవీలర్లు నాలుగు పడతాయి. మిగతావాళ్లు మెట్రోలో సంపిగె రోడ్ స్టేషన్‌కు వచ్చి అక్కడి నుంచి ఆటో ఎక్కండి. కారులో వచ్చేవాళ్లు గమనించండి, సంపిగె రోడ్, మార్గోసా రోడ్ వన్‌వేలు. ఒక మలుపు తప్పితే పెద్ద చుట్టు. కాల్ టైముకు పది నిమిషాలు కలుపుకోండి.

✗ రోడ్డు మీద స్టాండు, ట్రాలీ, ఏదీ వద్దు. దానికి పోలీసు అనుమతి వేరే తీసుకోవాలి, మన దగ్గర లేదు. వీధి వైపు షాట్లు కాంపౌండ్ లోపల నుంచే.

మిగిలినవి, చకచకా: బాత్‌రూమ్ వెనక పెరట్లోది వాడుకోవచ్చు. మేకప్‌కు ముందు గది. దేవుడి గదిలోకి ఎవరూ చెప్పులతో వెళ్లొద్దు, అసలు వెళ్లొద్దు. ఆంటీతో ఒప్పందం కాగితం మీద రాసుకున్నాం, అడ్వాన్సు ఇచ్చేశాను.

శనివారం సాయంత్రం 5కి ఎలక్ట్రీషియన్ పని చూడటానికి నేను వెళ్తున్నాను. ఎర్త్ సరిగ్గా వచ్చిందో లేదో మీటరు పెట్టి చూసి, అక్కడి నుంచే గ్రూపులో ఫొటో పెడతాను. అప్పటిదాకా కాల్ షీటు ఖరారు కాలేదనుకోండి.