వెంచురీ మీటర్ ప్రయోగం: Cd పక్కన అనిశ్చితి ఎలా రాయాలి

బి-2 బ్యాచ్ విద్యార్థులకు,

మీ రికార్డులు దిద్దడం అయింది. రీడింగులు శ్రద్ధగా తీశారు, గ్రాఫులూ బాగున్నాయి. తిప్పి పంపుతున్నది ఆఖరి లైను కోసమే. దాదాపు అందరూ Cd = 0.958376 అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, ప్రయోగం ముగించేశారు. కాలిక్యులేటర్ చూపించిన అంకెలన్నీ దించుకోవడానికి మన కలెక్టింగ్ ట్యాంకు అంత గొప్పదేం కాదు. అందులో మూడో అంకె మీదే నాకు నమ్మకం లేదు, ఆరో అంకె సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి "పుస్తకంలో విలువ 0.98, కాబట్టి ఎర్రర్ 2.2 శాతం" అని రాశారు. అది అనిశ్చితి కాదు. పుస్తకంలో ఉన్నదానికీ మీకు వచ్చినదానికీ ఉన్న తేడా, అంతే. రేపు ఉద్యోగంలో ఎవరూ కొలవని మీటరు మీ చేతికిస్తే పోల్చుకోవడానికి పుస్తకం ఉండదు. అప్పుడు కూడా "ఈ విలువను ఎంతవరకు నమ్మొచ్చు" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుండాలి. ఆ జవాబు మీ స్కేలు, మీ స్టాప్‌వాచ్, మీ ట్యాంకు నుంచే రావాలి.

ఒక రీడింగు తీసుకుని మొత్తం చేసి చూపిస్తాను. మీ టేబుల్లో మూడో వరస: మానోమీటర్‌లో ఒక లింబ్ 262, రెండోది 157, కాబట్టి x = 105 మి.మీ. ట్యాంకు లోపలి కొలత 400 × 400 మి.మీ. నీరు 100 మి.మీ. పెరగడానికి పట్టిన సమయం మూడుసార్లు చూస్తే 17.1, 17.5, 17.3 సెకన్లు, సగటు 17.3. పైపు వ్యాసం 25 మి.మీ., థ్రోట్ 15 మి.మీ.

```
Qa = L·B·R / t
Qt = a1·a2·√(2gh) / √(a1² − a2²),   h = 12.6·x
Cd = Qa / Qt
```

Qa సెకనుకు 0.925 లీటర్లు, Qt 0.965 లీటర్లు, Cd 0.958 వస్తాయి. ఇక్కడిదాకా మీరూ చేశారు. ఈ లెక్కలోకి వెళ్లిన ప్రతి కొలతా ఎంత అటూ ఇటూ అయి ఉండొచ్చో ఇప్పుడు చూద్దాం. కింద ± తర్వాత నేను రాసేవన్నీ స్టాండర్డ్ అనిశ్చితులు.

మొదట మానోమీటర్. పాదరసం మెనిస్కస్ పైభాగానికి కన్ను సరిగ్గా ఆనించి చదివినా ఒక్కో లింబ్‌కు ±1 మి.మీ. తేడా ఉంటుంది. రెండు రీడింగులూ విడివిడిగా చదివినవి కాబట్టి x లో ±1.4 మి.మీ. అంటే 105 కి 1.35 శాతం. x వర్గమూలం లోపల ఉంది గనుక Cd మీద పడేది అందులో సగం, 0.67 శాతం. ఒక్క షరతు: పాదరసం నిలకడగా ఉండాలి. ఊగుతూ ఉంటే ఒక లింబ్ పైకి వెళ్లినప్పుడు రెండోది కిందికి దిగుతుంది, రెండు తేడాలూ నేరుగా కలిసి 2 మి.మీ. అవుతాయి. అందుకే కాక్‌లను కాస్త బిగించి, ఊగు తగ్గాకే చదవమని ప్రతి ల్యాబ్‌లోనూ అరుస్తుంటాను.

తర్వాత సమయం. మూడు రీడింగుల చెల్లాచెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 0.2 సెకన్లు, అంటే 1.16 శాతం. సగటు తీసుకున్నాం కాబట్టి √3 తో భాగించి 0.12 అని రాసినా తప్పు పట్టను. కానీ ఉన్నవి మూడే రీడింగులు, నొక్కింది ఒకే వేలు. నేనైతే 0.2 గానే ఉంచుతాను.

ఇక్కడ చాలామంది ఒకే తేడాను రెండుసార్లు లెక్కేశారు. గేజ్ గ్లాసులో నీటిమట్టం సెకనుకు 5.8 మి.మీ. చొప్పున పైకి లేస్తోంది. గీత దగ్గరికి నీరు వచ్చిందో లేదో అన్న ఒక మిల్లీమీటరు సందేహం, స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.17 సెకన్ల సందేహం, రెండూ ఒకటే సంఘటన. మీ సమయాల చెల్లాచెదురులో అది ఇప్పటికే ఉంది. మళ్లీ R కింద 1 మి.మీ., t కింద 0.2 సెకన్లు వేస్తే ఒకే అప్పుకు రెండుసార్లు వడ్డీ కట్టినట్టు. R కింద మిగిలేది స్కేలు గీతల్లో ఉన్న తేడా, స్కేలును గ్లాసు పక్కన అతికించడంలో వచ్చిన వంకర. దానికి 0.5 మి.మీ. వేశాను, అంటే 0.5 శాతం.

ట్యాంకు రేకు నీళ్లు నిండితే కొద్దిగా ఉబ్బుతుంది. వెల్డింగ్ అంచులూ సూటిగా లేవు. ఒక్కో వైపు ±2 మి.మీ. అనుకుంటే 0.5 శాతం, రెండు వైపులూ కలిపి వైశాల్యానికి 0.71 శాతం.

ఇక ఎవరూ రాయనిది థ్రోట్ వ్యాసం. ప్లేటు మీద 15 మి.మీ. అని చెక్కి ఉంది, టాలరెన్స్ ఎంతో లేదు. మీటరు విప్పి కొలవలేం. ఏళ్లుగా నీళ్లు పారి లోపల కాస్త పొర కట్టి ఉండొచ్చు. ±0.1 మి.మీ. అన్నది నా అంచనా. మీకు వేరేలా అనిపిస్తే కారణం రాసి మార్చుకోండి. 0.1 మి.మీ. అంటే 0.67 శాతమే కదా అనుకోవద్దు. వ్యాసం వర్గంలో వస్తుంది, పైగా హారంలోనూ ఉంది. డెరివేటివ్ తీస్తే థ్రోట్ వ్యాసానికి గుణకం 2/(1 − β⁴). β అంటే థ్రోట్ వ్యాసానికీ పైపు వ్యాసానికీ ఉన్న నిష్పత్తి. మన β 0.6 కాబట్టి గుణకం 2.3, అంటే 1.53 శాతం. మొత్తం లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇదే. పైపు వ్యాసానికి గుణకం 0.3 మాత్రమే, అక్కడ ±0.2 మి.మీ. వేసినా 0.24 శాతం దాటదు.

పాదరసం సాంద్రతనూ, g విలువనూ వదిలేయొచ్చు. మన ప్రాంతంలో g దాదాపు 9.78. దానికి బదులు 9.81 వాడితే Qt లో తేడా 0.15 శాతం. వేసవిలో పాదరసం, నీరు రెండూ వ్యాకోచించి 12.6 కాస్తా 12.58 అవుతుంది, దాని ప్రభావం ఇంకా తక్కువ. వదిలేశామని ఒక ముక్క రాయండి చాలు.

ఇప్పుడు కలపడం. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి నేరుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి.

```
సమయం t        1.16 %
పెరుగుదల R     0.50 %
వైశాల్యం L·B    0.71 %
మానోమీటర్ x    0.67 %
థ్రోట్ d2       1.53 %
పైపు d1        0.24 %
మొత్తం = √(వర్గాల మొత్తం) = 2.2 %
```

0.958 లో 2.2 శాతం 0.021. అనిశ్చితిని ఒక్క అంకెకు కుదించి, విలువను కూడా అదే దశాంశ స్థానం దగ్గర ఆపితే:

```
Cd = 0.96 ± 0.02   (k = 1)
```

ఆ k = 1 తప్పకుండా ఉండాలి. స్టాండర్డ్ అనిశ్చితిని ఎన్ని రెట్లు చేసి రాశామో చెప్పేదే k. అది లేకపోతే మీ ± అంటే ఏమిటో చదివేవాడికి తెలియదు. k = 2 తో రాయదలచుకుంటే ±0.04 అవుతుంది, అదీ సరే. రెండూ కలిపి గందరగోళం చేయకండి. ఈసారి పుస్తకంతో తేడా, మన అనిశ్చితి రెండూ 2.2 శాతమే వచ్చాయి. ఇది కాకతాళీయం. "అదే కదా సార్ మేం రాసింది" అని నా దగ్గరికి రావద్దు.

పుస్తకంలోని 0.98 సంగతీ చెప్పాలి. ఐఎస్‌ఓ 5167 ప్రమాణంలో మెషీన్ చేసిన వెంచురీకి 0.995, పోత పోసినదానికి 0.984 అని ఉంటాయి. కానీ మెషీన్ చేసినదానికి పైపు వ్యాసం కనీసం 50 మి.మీ., రెనాల్డ్స్ సంఖ్య కనీసం 2 లక్షలు ఉండాలి. పోతదానికైతే 100 మి.మీ. నుంచే మొదలు. మనది 25 మి.మీ. పైపు, ఈ వరసలో రెనాల్డ్స్ సంఖ్య 47 వేల చుట్టూ. ఆ విలువలు మన మీటరుకు వర్తించవు. 0.98 రాలేదని రీడింగులు "సర్దిన" రికార్డులు రెండు మూడు కనిపించాయి. పేర్లు రాయడం లేదు, కానీ సగటుకు సరిగ్గా తగిన స్టాప్‌వాచ్ రీడింగులు నాకు తెలుస్తాయి.

ఇక ఆఖరి వరస, వాల్వ్ బాగా తగ్గించినప్పటిది: x = 20 మి.మీ., t = 40.4 సెకన్లు, Cd = 0.940. ఇది చూసి "ప్రవాహం తగ్గితే Cd తగ్గుతుంది" అని ముగింపు రాశారు. సిద్ధాంతపరంగా అది నిజమే కావొచ్చు, కానీ మీ రీడింగులు ఆ మాట చెప్పడం లేదు. ఆ వరసలో 1.4 మి.మీ. అంటే x లో 7 శాతం, Cd లో 3.5 శాతం. సమయాల చెల్లాచెదురు 0.4 సెకన్లు, మరో 1 శాతం. మిగతావన్నీ కలిపితే 4.1 శాతం, అంటే 0.94 ± 0.04. రెండు వరసల్ని పోల్చేటప్పుడు ట్యాంకు, థ్రోట్ తేడాలు రెండింటికీ ఉమ్మడే కాబట్టి వాటిని తీసేయొచ్చు. అలా తీసేసినా 0.018 తేడాకు అనిశ్చితి 0.037 ఉంది. తేడా ఉందని చెప్పలేం, లేదనీ చెప్పలేం. అదే రాయండి.

ఈ ఉమ్మడి మాటే సగటుకూ వర్తిస్తుంది. "ఆరు రీడింగులు తీశాం కాబట్టి √6 తో భాగించాం" అని ఒకరు మొత్తం 2.2 శాతాన్నీ భాగించేశారు. సగటుతో తగ్గేవి సమయం, మానోమీటర్ మాత్రమే. ఆ రెండూ కలిపి 1.34 శాతం, √6 తో భాగిస్తే 0.55. థ్రోట్, ట్యాంకు, స్కేలు మాత్రం ఆరు వరసల్లోనూ అవే కాబట్టి అవి తెచ్చే 1.78 శాతం అలాగే ఉంటుంది. అన్ని వరసలూ మూడో వరసంత బాగున్నాయనుకున్నా, మొత్తం 1.9 శాతం కంటే దిగదు. అరవై రీడింగులు తీసినా 15 మి.మీ. నిజంగా 15 అవునో కాదో తేలదు.

చివరిగా, తప్పును తెచ్చి అనిశ్చితి కింద కలపకండి. 12.6 బదులు 13.6 వేస్తే Cd 0.92 కి పడిపోతుంది. దానికి ± పెట్టడం కాదు, లెక్క దిద్దుకోవాలి. మానోమీటర్ ట్యూబులో గాలిబుడగ ఉంటే ఆ రీడింగు కొట్టేసి, బుడగ వదిలి, మళ్లీ తీయాలి. "మానవ తప్పిదం" అన్న మాట రికార్డులో ఎక్కడ కనిపించినా మార్కు కోస్తాను. ఎవరు, ఎక్కడ, ఎంత అన్నది చెప్పని మాట అది.

వచ్చే ల్యాబ్‌కు వచ్చేటప్పుడు ఒక మంచి వరస, x 30 మి.మీ. లోపు ఉన్న ఒక వరస, ఈ రెండింటికీ పైన చూపినట్టు పట్టిక వేసి, ఫలితం ఒక్క లైనులో రాసుకురండి. ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు మాటలుండాలి: "లీస్ట్ కౌంట్", "మూడు రీడింగుల చెల్లాచెదురు", "అంచనా". అంచనా అని రాయడానికి మొహమాటపడకండి. ట్యాంకు లోపలి కొలతలు మళ్లీ తీసుకోవాలనుకునేవాళ్లు అటెండర్‌కు చెప్పి, మోటార్ వేయకముందే వచ్చి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు అడుగున ఒకసారి, పైన ఒకసారి కొలుచుకోండి.