సునీతకు వీడ్కోలు: నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది

సునీత అమ్మానాన్నలకు, మన వార్డు ఇన్‌ఛార్జి మేడమ్‌కు, సిస్టర్లకు, ఆయమ్మలకు, డ్యూటీ మధ్యలో తీరిక చేసుకొని వచ్చిన డాక్టర్లకు నమస్కారం. వచ్చే ఆదివారం రాత్రి శంషాబాద్‌లో విమానమెక్కి, జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఒక ఆసుపత్రిలో చేరబోతున్న మా సునీత గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగినందుకు చాలా సంతోషం. నేను చెప్పదలచినదంతా మనందరికీ తెలిసిన ఒక్క సామెతలో ఉంది: నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

నర్సింగ్ కాలేజీ నుంచి నేరుగా వచ్చి మేమిద్దరం ఈ వార్డులో చేరిన కొత్తలో, విజిటింగ్ వేళ ముగిశాక కూడా తలుపు దగ్గర నిలబడి కేకలు వేస్తున్న ఒక అటెండెంటును సునీత పక్కకు తీసుకెళ్లి, కూర్చోబెట్టి, మాట్లాడి శాంతపరచిన తీరు చూసి మన పెద్ద ఆయమ్మ ఈ సామెత అన్నారు. తీయగా మాట్లాడితే పనులు అవుతాయన్న అర్థంలో దీన్ని వాడేవారు చాలామంది ఉన్నారు. సునీత పక్కన పనిచేసినవారికి మాత్రం ఆ అర్థం చాలదు. ఆమె నోరు మంచిది కావడానికి కారణం తీపి కాదు, నిజం. వినేవారు తట్టుకోగలిగేలా, అర్థం చేసుకోగలిగేలా చెప్పిన నిజం.

వానాకాలంలో డెంగీ కేసులతో మన వార్డు ఎలా నిండిపోతుందో ఇక్కడున్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. జ్వరం తగ్గగానే ఇంటికి పంపమని ఒక కుటుంబం, ప్లేట్‌లెట్లు తగ్గాయని వెంటనే ఎక్కించమని మరొక కుటుంబం మన మీద ఒత్తిడి తెస్తారు. అలాంటి రాత్రుల్లో సునీత "ఏం కాదులెండి" అన్న మాట ఎవరికీ చెప్పగా నేను వినలేదు. "అమ్మా, జ్వరం తగ్గిన తరువాత వచ్చే ఈ ఒకటి రెండు రోజులే మనం ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, బీపీ ఎలా ఉందో, మూత్రం సరిగా వస్తోందో లేదో కూడా చూడాలి. గంట తరువాత నేనే వచ్చి మీకు చెబుతాను" అనేది. గంట తరువాత నిజంగానే వెళ్లి చెప్పేది. చెప్పడానికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా వెళ్లేది, ఎందుకంటే తలుపు బయట నేల మీద కూర్చున్న తల్లికి లోపలి నుంచి కబురు రాకపోవడమే అన్నిటికన్నా పెద్ద భయమని ఆమెకు తెలుసు. మన వార్డులో అటెండెంట్లతో గొడవలు తగ్గాయంటే అందులో సునీత పాత్ర ఎంతో ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆమె నోటి వల్ల మన ఈ చిన్న ఊరు, అంటే ఈ వార్డు, మనందరికీ మంచిదైంది.

ఇప్పుడు ఆ నోరు మరో భాష నేర్చుకుంది. నైట్ డ్యూటీ దిగి, స్నానం చేసి, పడుకోవాల్సిన వేళలో హాస్టల్ గదిలో తలుపు వేసుకొని ఆమె జర్మన్ వాక్యాలు పైకి చదువుతుంటే పక్క గదిలో ఉన్న నేను వింటూనే నిద్రపోయేదాన్ని. ఆ విధంగా బీ-టూ స్థాయి పరీక్ష దాకా వెళ్లి నెగ్గింది. పని ఇక్కడితో అయిపోలేదు. మన నర్సింగ్ చదువుకు అక్కడ పూర్తి గుర్తింపు రావాలంటే కొంతకాలం శిక్షణ గానీ, మరొక పరీక్ష గానీ పూర్తి చేయాలి. అంతవరకూ ఎన్నో ఐసీయూ రాత్రులు చూసిన మనిషి సహాయకురాలిగా పనిచేయవలసి రావచ్చు. రోగికి ఒళ్లు తుడవడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం అక్కడ నర్సు పనిలోనే భాగమని విని కొందరు వెనకాడుతారు. సునీత విషయంలో నాకు ఆ దిగులు లేదు. ఆయమ్మ రాని రోజున ఎవరినీ పిలవకుండా దుప్పటి మార్చింది ఆమే. మంచం మీది మనిషి ఎంత చిన్నవాడైనా, ఎంత పేదవాడైనా "మీరు" అని పిలిచిందీ ఆమే. జర్మన్‌లో కూడా కొత్తవారిని, పెద్దవారిని పిలవడానికి ఆ గౌరవ వాచకం వేరుగా ఉందని తెలిసిన రోజు ఎంత సంబరపడిందో నాకు గుర్తుంది. వృద్ధులు ఎక్కువగా ఉన్న దేశానికి అలాంటి మనిషి వెళ్తోంది.

సునీతా, ఇక్కడి నుంచి నీతోనే మాట్లాడతాను. ఇన్నేళ్లలో నీ నోరు అందరి తరఫునా పలికింది గానీ నీ తరఫున పలకడం నేను ఎప్పుడూ వినలేదు. వరుసగా నైట్లు వేసినా అడగలేదు. జ్వరంతో డ్యూటీకి వచ్చి, మాత్ర వేసుకొని, ఎవరికీ చెప్పకుండా హ్యాండోవర్ పూర్తి చేశావు. ఇక్కడైతే నీ ముఖం చూసి మేము పట్టుకునేవాళ్లం. అక్కడ నీ ముఖం చదవగలిగినవారు దొరికేదాకా కొంతకాలం పడుతుంది కాబట్టి నువ్వే చెప్పాలి. అర్థం కానిది మళ్లీ చెప్పమని మొహమాటం లేకుండా అడుగు. మందు మోతాదు విషయంలో అనుమానం ఉంటే రెండోసారే కాదు, మూడోసారి కూడా అడుగు. ఒప్పందంలో రాసిన డ్యూటీ గంటలు దాటితే అడుగు. కష్టంగా ఉందని, చలిగా ఉందని, అమ్మ గుర్తొస్తోందని కూడా చెప్పు. రోగుల కోసం మంచిదైన నోరు నీ కోసం కూడా మంచిది కావాలి. అప్పుడే ఆ ఊరు నీకు మంచిదవుతుంది.

అమ్మా, నాన్నగారూ, మీ ఇద్దరికీ ఒక మాట. ఇల్లు మీద అప్పు తీర్చడానికీ, తమ్ముడి చదువుకీ ఆమె వెళ్తోందని బంధువులు అనుకుంటున్నారు. అది నిజమే, అందులో దాచవలసింది ఏమీ లేదు. అయితే తన పనిని ఇంకా బాగా నేర్చుకోవాలన్న కోరిక కూడా ఆమెకు బలంగా ఉందని మీరు తెలుసుకోవాలి. ఆమె ఫోన్ చేసినప్పుడు డబ్బు సంగతి తరువాత అడగండి. ముందు ఆ రోజు ఏం నేర్చుకుందో అడగండి.

మనకు నైట్ డ్యూటీ మొదలయ్యే ఎనిమిది గంటలకు లైప్‌జిగ్‌లో చలికాలంలో మధ్యాహ్నం మూడున్నర, వేసవిలో నాలుగున్నర అవుతుంది. ఉదయం షిఫ్టు ముగించుకొని గదికి చేరే వేళ అది. హ్యాండోవర్‌కు ముందు ఆ కొద్ది నిమిషాలు ఫోన్‌లో సునీత కోసం ఉంచుదామని మన సిస్టర్లందరినీ కోరుతున్నాను. వారం వారం ఒకరు చొప్పున వంతు వేసుకుందాం. మొదటి వారం నాది.

ఇక అందరూ మీ ముందున్న బాదంపాల గ్లాసులు చేతిలోకి తీసుకొని లేచి నిలబడండి. ఆమె ఆరోగ్యం బాగుండాలని, గుర్తింపు పరీక్ష తొందరగా పూర్తి కావాలని, ఆమె చేయి పట్టుకున్న ప్రతి రోగీ కోలుకోవాలని, సెలవు దొరికిన మొదటిసారే మన మధ్యకు రావాలని కోరుకుంటూ గ్లాసులు పైకెత్తుదాం.

మన సునీతకు!